బడి ముందరి మురుగు కాలువ: స్థానిక పరిపాలనపై ఒక పాఠం

గ్రామ పంచాయతీ గురించి పదవ తరగతి విద్యార్థిని అడిగితే చాలా విషయాలు చెప్పగలడు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం నివేదిక ఇచ్చిందని, 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైనదని, 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోకి వచ్చినదని, పదకొండవ షెడ్యూలులో 29 అంశాలున్నాయని వరుసగా అప్పగిస్తాడు. తన బడి వాకిట్లో ఆరు నెలలుగా నిలిచి ఉన్న మురుగునీటిని తొలగించవలసినది ఎవరని అదే విద్యార్థిని అడిగితే మాత్రం, "ప్రభుత్వం" అని ఒక్క మాటలో ముగిస్తాడు. అతనికి తెలిసినది వ్యవస్థ చరిత్ర. ఆ వ్యవస్థను ఎక్కడ తట్టితే పలుకుతుందో అతనికి తెలియదు. ఊరిలోని ఒకే ఒక్క సమస్యను పట్టుకొని నాలుగైదు పీరియడ్లు దాని వెంట నడిచే పాఠం ఈ లోటును చాలావరకు తీర్చగలదు.

అటువంటి పాఠంలో కష్టమైన పని బోధించడం కాదు, సమస్యను ఎంచుకొనడం. పెద్ద సమస్యలు విద్యార్థులను సులభంగా ఆకర్షిస్తాయి. ఫ్లోరోసిస్ వ్యాధినే తీసుకొనవచ్చు. మన దేశంలో దీనిని మొదట 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ ప్రాంతపు పల్లెలలో ఎముకలు వంగిపోయిన మనుషులను చూచిన విద్యార్థి ఈ సమస్యను మరచిపోలేడు. కాని భూగర్భ జలంలోని ఫ్లోరైడుకు పరిష్కారం దూరపు జలాశయం నుండి నీరు తేవడంలో ఉన్నది. అది రాష్ట్ర ప్రభుత్వపు పథకం, కోట్ల రూపాయల వ్యవహారం. గ్రామ పంచాయతీ అక్కడ అర్జీదారు మాత్రమే. అట్లాగని రెండిళ్ల మధ్య గోడ తగాదాను ఎంచుకుంటే, అది పరిపాలన పాఠం కాకుండా పోతుంది. పంచాయతీ తన సొంత అధికారంతో సగం వరకు పరిష్కరించగలిగి, మిగిలిన సగానికి మరొక కార్యాలయం మీద ఆధారపడవలసిన సమస్య ఈ పనికి తగినది. స్థానిక పరిపాలన శక్తి, దాని హద్దు, రెండూ ఒకేచోట కనిపించేది అటువంటి సమస్యలోనే. వీధి మురుగు కాలువ ఈ లెక్కకు సరిగా సరిపోతుంది.

పాఠం నడక తెలియడానికి ఒక నమూనా ఊరిని ఊహించుకొనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక గ్రామం. ఉన్నత పాఠశాల ఎదుట 60 ఇళ్ల వీధి. ఆ వీధి మురుగు 80 మీటర్ల పొడవున్న కాలువ గుండా వచ్చి, రోడ్లు భవనాల శాఖ వారి రోడ్డు కింద ఉన్న కల్వర్టు దగ్గర ఆగిపోతుంది. ఎక్కువైన నీరు బడి గేటు వద్ద ఉన్న కుళాయి చుట్టూ చేరుతుంది. రోడ్డు అవతల పల్లంలో 25 ఇళ్ల కాలనీ ఉన్నది. ఇక్కడి అంకెలు కేవలం నమూనా. ఉపాధ్యాయుడు వీటి స్థానంలో తన ఊరి అంకెలను వేసుకొనవలసి ఉంటుంది.

మొదటి పీరియడు తరగతి గదిలో కాక కాలువ గట్టున జరగాలి. విద్యార్థులు వీధి పటం గీస్తారు. ఇళ్లు లెక్కిస్తారు. ఇంటికి ఐదుగురు మనుషులనుకొని, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున లెక్క కడతారు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పల్లెలకు నిర్ణయించిన పరిమాణం అది. 60 ఇళ్లకు 16,500 లీటర్లు అవుతుంది. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే 13,200 లీటర్లు. ఈ అంకె పిల్లల మనస్సుకు పట్టకపోతే 200 లీటర్ల డ్రమ్ములుగా మార్చి చెప్పవచ్చు. రోజుకు 66 డ్రమ్ముల మురుగు ఆ కాలువలోకి వస్తున్నది.

తరువాత వాలు కొలవాలి. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గర నీరు నింపిన పారదర్శకమైన గొట్టం ఉంటుంది. దాని రెండు కొనలలో నీరు ఎల్లప్పుడు ఒకే మట్టాన నిలుస్తుంది గనుక, ఎక్కడ ఎంత పల్లమో ఇట్టే తెలుస్తుంది. మురుగులోకి పిల్లలు దిగరాదు. మేస్త్రీ కొలుస్తుంటే వారు గట్టు మీద నిలబడి అంకెలు రాసుకొంటే చాలును. నమూనా ఊరిలో తేలిన విషయం ఇది: కాలువ అడుగు కొంత దూరం సక్రమంగానే దిగింది, కాని కల్వర్టు అడుగు కాలువ చివరి అడుగు కన్న 12 సెంటీమీటర్లు ఎత్తుగా ఉన్నది. పైగా రోడ్డును వెడల్పు చేసినప్పుడు పోసిన మట్టి కల్వర్టు అవతలి నోటిని సగం మూసివేసినది.

ఇక్కడే పాఠం మలుపు తిరుగుతుంది. అప్పటివరకు విద్యార్థులలో ఎక్కువమంది, పారిశుద్ధ్య సిబ్బంది సరిగా శుభ్రం చేయకపోవడమే కారణమని అనుకొని ఉంటారు. ఉపాధ్యాయుడు ఒక చిన్న లెక్క ఇవ్వాలి. కాలువ వెడల్పు 45 సెంటీమీటర్లు. నీరు నిలిచే పొడవు 30 మీటర్లు. లోతు ఒక కొన సున్న, మరొక కొన 12 సెంటీమీటర్లు గనుక సగటు 6. గుణిస్తే వచ్చేది 810 లీటర్లు. గంటకు సగటున 550 లీటర్ల మురుగు వచ్చే కాలువలో ఈ గుంట నిండడానికి రెండు గంటలు కూడా పట్టదు. అంటే తెల్లవారుజామున కాలువను అద్దంలా శుభ్రం చేసినా, బడి గంట కొట్టేలోపల అది మళ్లీ నిండుతుంది. తప్పు చీపురుది కాదు, మట్టానిది. ఫిర్యాదు చేయడానికి ముందు కారణం తెలుసుకొనవలసిన అవసరం ఈ ఒక్క లెక్కతో పిల్లలకు అర్థమవుతుంది. ఏ ఉపన్యాసమూ ఇంత పని చేయలేదు.

కుళాయి విషయం కూడా ఈ పీరియడులోనే చెప్పవలసి ఉంటుంది. మంచినీటి గొట్టం మురుగు పక్కన పోతూ ఎక్కడైనా చిన్న పగులు ఉంటే, నీరు వదిలినంతసేపు లోపలి ఒత్తిడి మురుగును లోనికి రానివ్వదు. సరఫరా ఆపిన తరువాత ఒత్తిడి తగ్గి, బయటి మురుగు పగులు గుండా గొట్టంలోకి చేరుతుంది. మరుసటి ఉదయం మొదటి బిందెలో వచ్చేది అదే. అందుచేత బ్లీచింగు పౌడరు వేసిన ట్యాంకులోని నీరు బాగుండి, చివరి కుళాయి నీరు బాగుండకపోవచ్చు. కుళాయి వద్ద లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించినది. నీటి సరఫరా సిబ్బంది తరగతి ఎదుట ఈ పరీక్ష చేసి చూపిస్తే, వీధి మురుగుకూ ఇంటిలోని విరేచనాలకూ ఉన్న సంబంధం కంటికి కనిపిస్తుంది.

రెండవ పీరియడులో ప్రశ్న ఒక్కటే: ఎవరి పని ఏది? నల్లబల్ల మీద పనుల జాబితా రాసి, ప్రతి పనికీ ఎదురుగా బాధ్యుని పేరు కాక పదవిని రాయించాలి. పూడిక తీయడం పంచాయతీ పారిశుద్ధ్య సిబ్బంది పని. కాలువను తిరిగి కట్టాలంటే పంచాయతీ తీర్మానం కావాలి. అంచనా వేయవలసినది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం. రికార్డులు కార్యదర్శి దగ్గర ఉంటాయి. కల్వర్టు రోడ్లు భవనాల శాఖది. ఆ శాఖ ఇంజనీరు సర్పంచి ఆజ్ఞకు లోబడినవాడు కాడు. ఆయన పై అధికారులు జిల్లాలో, రాజధానిలో ఉంటారు.

ఈ దశలో తరచుగా ఒక పొరపాటు బయటపడుతుంది. సర్పంచి ఎవరని అడిగితే పిల్లలు కొన్ని ఊళ్లలో సర్పంచి భర్త పేరు రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను పంచాయతీ స్థానాలలో సగం స్త్రీలకు ప్రత్యేకించబడి ఉండగా, ఎన్నికైన స్త్రీకి బదులు ఇంటాయన వ్యవహారం నడపడం ఇంకా చాలాచోట్ల కనిపిస్తూనే ఉన్నది. దీనిని ఉపాధ్యాయుడు నవ్వి వదలివేయరాదు, తగవుగానూ మార్చరాదు. పంచాయతీ తీర్మానాల పుస్తకంలో చివరి పుటను చూసి సంతకం ఎవరిదో రాసుకొని రమ్మని పంపితే చాలును. చట్టం ఎవరి సంతకాన్ని గుర్తిస్తుందో విద్యార్థులు తమకు తామే తెలుసుకొని వస్తారు. అర్జీ ఎవరి పేర రాయాలో మళ్లీ చెప్పనక్కరలేదు.

సరిగ్గా ఇక్కడ చురుకైన విద్యార్థి ఒకడు పాఠ్యపుస్తకం తెరిచి అడ్డుతగలవచ్చు. పదకొండవ షెడ్యూలులో 13వ అంశం రోడ్లు, కల్వర్టులు, వంతెనలు అని ఉన్నది కదా, అట్లయితే కల్వర్టు పంచాయతీది ఎందుకు కాదు? ఈ ప్రశ్న రాకపోతే ఉపాధ్యాయుడే లేవనెత్తడం మంచిది, ఎందుకంటే పాఠం మొత్తానికి ఇదే గుండెకాయ. రాజ్యాంగపు 243-జి అధికరణం ఆ 29 అంశాలను పంచాయతీలకు నేరుగా ఇవ్వలేదు. రాష్ట్ర శాసనసభ తన చట్టం ద్వారా వాటికి సంబంధించిన అధికారాలను పంచాయతీలకు ఇవ్వవచ్చునని మాత్రమే అన్నది. "ఇవ్వవచ్చును" అన్న ఆ ఒక్క క్రియాపదంలో మన స్థానిక స్వపరిపాలన బలాబలాలు ఇమిడి ఉన్నాయి. ఏ రోడ్డు పంచాయతీది, ఏది మండలానిది, ఏది రాష్ట్ర శాఖది అనేది రాష్ట్ర చట్టాన్ని, ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి తేలుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి చట్టం, తెలంగాణకు 2018 నాటి చట్టం ఆధారం. అందువల్లనే ఒకే రాజ్యాంగం కింద కేరళ పంచాయతీ చేయగలిగిన పని మరొక రాష్ట్రపు పంచాయతీ చేయలేకపోవచ్చు. నాగాలాండ్, మేఘాలయ, మిజోరం రాష్ట్రాలకైతే ఈ భాగమే వర్తించదు. అక్కడి ఉపాధ్యాయుడు ఇదే పాఠాన్ని గ్రామ మండలి వంటి తమ సంప్రదాయ సంస్థలతో మొదలుపెట్టవలసి ఉంటుంది. పట్టణంలోని పాఠశాలకు 74వ సవరణ, పురపాలక చట్టం, వార్డు కౌన్సిలరు, కమిషనరు ఆధారమవుతారు. మనుషులు మారినా ప్రశ్న మారదు.

"అది నా చేతిలో లేదు" అని సర్పంచి అన్నప్పుడు ఆ మాట సాకు కావచ్చు, సత్యమూ కావచ్చు. రెంటినీ వేరు చేయడం నేర్పడమే ఈ పీరియడు ప్రయోజనం. కల్వర్టు విషయంలో అది సత్యం. మరి తీర్మానం చేసి ఆ శాఖకు పంపారా అని అడిగితే, పంపకపోతే, అప్పుడది సాకు.

డబ్బు గురించి ఒక పీరియడు సరిపోతుంది. పంచాయతీ బడ్జెటు ప్రతిని కార్యదర్శి నుండి తీసుకొని, ఇంటి పన్ను, నీటి రుసుము వంటి సొంత రాబడి ఒక పక్క, గ్రాంటులు మరొక పక్క వేయించాలి. గ్రాంటులలో కొన్నింటికి ముడి ఉంటుంది. ఉదాహరణకు 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ప్రత్యేకించబడినది. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడవచ్చునన్నారు గాని, జీతాలకు వాడరాదన్నారు. ఆ సంవత్సరాల లెక్కలు తిరగవేస్తే, ఖాతాలో సొమ్ము ఉన్నా వీధి దీపానికి ఎందుకు చాలలేదో, కాలువకు ఎందుకు దొరికే అవకాశం ఉన్నదో తెలుస్తుంది. పని జరిగిన తరువాత ఇంజనీరు కొలతల పుస్తకంలో నమోదు చేస్తేనే బిల్లు చెల్లుతుందని కూడా చెప్పాలి. అడిగితే కాగితం ఇవ్వని చోట సమాచార హక్కు చట్టం, 2005 ఉన్నది. తల్లిదండ్రులలో ఒకరు దరఖాస్తు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. అయితే మొదటి రోజునే ఈ చట్టాన్ని బయటికి తీయడం వివేకం కాదు. మర్యాదగా అడిగితే దొరికే కాగితాన్ని నోటీసుతో అడిగితే, తరువాతి ఏడాది ఆ కార్యాలయం తలుపు బడికి మూతపడుతుంది.

నాలుగవ పీరియడు తరగతిలో గ్రామసభ. గ్రామసభ అంటే పంచాయతీ సభ్యుల సమావేశం కాదని, ఓటర్ల జాబితాలోని వారందరూ అందులో సభ్యులని ముందుగా గుర్తు చేయాలి. విద్యార్థులకు పాత్రలు పంచాలి: సర్పంచి, కార్యదర్శి, వీధి వార్డు సభ్యుడు, కాలనీ వార్డు సభ్యురాలు, ఇంజనీరు, పారిశుద్ధ్య కార్మికుడు, మిగిలిన వారు ఓటర్లు. కల్వర్టును దించి నీరు అవతలికి వదలాలన్న ప్రతిపాదన మొదట వస్తుంది. వీధిలో 60 ఇళ్లు, కాలనీలో 25. చేతులెత్తితే ప్రతిపాదన నెగ్గుతుంది. అప్పుడు కాలనీ సభ్యురాలి పాత్ర వేసిన అమ్మాయి లేచి, "మీ వీధి మురుగు మా వాకిట్లో నిలవాలని తీర్మానిస్తున్నారా, సర్పంచి గారూ? రోజుకు 66 డ్రమ్ములని మీరే లెక్క చెప్పారు కదా!" అని అడుగుతుంది. తరగతిలో నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని ఉపాధ్యాయుడు తొందరపడి పూరించరాదు.

మన పల్లెలలో పల్లపు నేల ఎవరికి దక్కిందో, ఎందుకు దక్కిందో అందరికీ తెలిసిన విషయమే. మురుగు ఎప్పుడూ పల్లానికే పోతుంది, నిర్ణయాలు కూడా తరచుగా అటే పోతాయి. రోడ్డు ఇవతలి సమస్యను అవతలికి తోసినంత మాత్రాన అది తీరినట్లు కాదని విద్యార్థులు గ్రహించిన తరువాత చర్చ కొత్త దారి పడుతుంది. ఇంటింటా ఇంకుడు గుంట తవ్వితే కాలువలోకి వచ్చే నీరు తగ్గుతుందని ఒకరంటారు. నేల నల్లరేగడి అయితే నీరు త్వరగా ఇంకదని, బావి దగ్గర గుంట తవ్వరాదని ఇంజనీరు పాత్రధారి హెచ్చరించాలి. కల్వర్టు దించడంతోపాటు కాలనీ పక్కగా సిమెంటు కాలువ కట్టి ఊరి బయటి వరకు పొడిగించాలని మరొకరంటారు. ఖర్చు పెరుగుతుంది, పని రెండు విడతలవుతుంది. ఏది ముందు? కాలనీ వైపు కాలువ కట్టకముందు కల్వర్టు తెరవరాదన్న షరతు తీర్మానంలో రాయించుకొనడం ఆ సభ్యురాలి విజయం. ఓట్లు తక్కువ ఉన్నవారికి కాగితం మీది షరతు ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది.

తీర్మానం రాయడం కూడా నేర్పవలసిన విద్యే. "సమస్యను వెంటనే పరిష్కరించవలసినదిగా కోరడమైనది" అని రాస్తే ఏ కార్యాలయమూ కదలదు. కల్వర్టు ఎక్కడ ఉన్నది, కొలతలో తేలిన ఎత్తు ఎంత, ఏ అధికారిని ఏ పని కోరుతున్నారు, పంచాయతీ తన వంతుగా ఏ పని ఏ నిధి నుండి చేయబోతున్నది అన్న నాలుగు విషయాలు ఉండాలి. ప్రతులు మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, రోడ్ల శాఖ ఇంజనీరుకు వెళ్లాలి. పంపిన తేదీ, చేరిన రసీదు పుస్తకంలో ఉండాలి. విద్యార్థుల ప్రతిని నిజమైన గ్రామసభలో పెద్దలెవరైనా చదివి వినిపించవచ్చు. ఓటు హక్కు లేని పిల్లల మాట వినడానికి కర్ణాటకలో మక్కళ గ్రామసభ పేర ప్రత్యేకంగా సమావేశాలే జరుపుతున్నారు.

ఈ పాఠం దారి తప్పే చోట్లు రెండు ఉన్నాయి. మొదటిది, పిల్లల చేత కాలువ శుభ్రం చేయించి ఫోటో తీయించడం. పన్ను కట్టించుకొని జీతమిచ్చి చేయించవలసిన పనిని బడి పిల్లలు చేసినప్పుడు, ఎవరి బాధ్యత అన్న ప్రశ్నే మాయమవుతుంది. రెండవది దానికి ఎదురుది: అందరూ దొంగలే అన్న తేలిక తీర్పుతో తరగతి ముగియడం. విద్యార్థుల రాతల్లో "వారు", "పైవాళ్లు", "అధికారులు" అన్న మాటలు ఎక్కువగా ఉంటే పాఠం అందలేదని ఉపాధ్యాయుడు గ్రహించాలి. వాటి స్థానంలో పదవుల పేర్లు, తేదీలు, కొలతలు వస్తుంటే అందినట్లు.

జవాబు మూడు నెలలైనా రాకపోవచ్చు. వేసవి సెలవుల తరువాత ఆ తరగతి పై తరగతికి పోతుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు పాత దస్త్రాన్ని అప్పగించి, రసీదు తేదీ నుండి ఎన్ని రోజులైనదో లెక్కించమనవచ్చు. గుర్తుచేసే ఉత్తరం ఎవరికి రాయాలన్నది వారి మొదటి ప్రశ్న అవుతుంది. పాత తరగతికి పరీక్షలో కాలువ గురించి అడగనక్కరలేదు. వీధి దీపం వెలగడం లేదు, స్తంభం విద్యుత్తు సంస్థది, బల్బు పంచాయతీది, బిల్లు బకాయి ఉన్నది అని మూడు వాక్యాలిచ్చి, ఎవరికి ఏమని రాస్తావని అడిగితే సరిపోతుంది.